ఇద్దరు దోస్తులు, ఒక్కరి మీదే చూపులు

"పెళ్లిచూపుల నాడు ఆ పిల్లను రావద్దని చెప్పు బిడ్డా" అనే మాట వరంగల్, కరీంనగర్ వైపు ఇళ్లలో కొత్తది కాదు. ఆ మాట అన్న తల్లికి కూతురి స్నేహితురాలి మీద కోపం ఉండదు. పండుగకు వచ్చిన ఆ అమ్మాయికి తన కూతురితో సమానంగా వడ్డించిన మనిషే అయి ఉంటుంది. ఆమె భయమల్లా అబ్బాయి తరఫువాళ్ల చూపు పక్కకు పోతుందేమోనని. అయితే ఆ ఒక్క మాటతో అప్పటిదాకా ఇద్దరు అమ్మాయిలూ పైకి చెప్పుకోని సంగతి ఒకటి ఇంటి పెద్ద నోట బయటపడుతుంది. ఇద్దరిలో ఒకరు అందగత్తె అని, రెండోవారు కాదని లోకం తేల్చేసిందన్నదే ఆ సంగతి. ఆ తీర్పు స్నేహాన్ని ఎప్పుడు తాకుతుంది, ఎక్కడ తాకుతుంది, ఎప్పుడు తాకకుండా పోతుంది అన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

దీనికి చాలామంది వెంటనే చెప్పే సమాధానం అసూయ. ఆ సమాధానం పూర్తిగా తప్పు కాదు కానీ దానితో తేలేది తక్కువ. ఎందుకంటే అదే ఇద్దరూ ఐదారేళ్లు ఒకే గదిలో, ఒకే అద్దం ముందు జడలు వేసుకుంటూ ఏ ఇబ్బందీ లేకుండా గడిపి ఉండవచ్చు. రూపాల్లో తేడా అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అసూయకు కారణం ఆ తేడాయే అయితే ఆ సంవత్సరాలన్నీ అది ఎక్కడ దాక్కున్నట్టు?

అమెరికాలో ఏబ్రహాం టెస్సర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ ప్రశ్నకు దగ్గరగా వస్తుంది. మనకు దగ్గరి మనిషి ఏదైనా విషయంలో మనకంటే ముందున్నప్పుడు రెండు రకాలుగా స్పందిస్తామని ఆయన అన్నాడు. ఆ విషయం మన విలువను నిర్ణయించేది కాదనుకుంటే, వాళ్ల గొప్పలో మనమూ కాస్త వెలుగుతాం; "మా దోస్తు" అని నలుగురికీ చెప్పుకుంటాం. ఆ విషయమే మన విలువకు కొలమానమైతే, వాళ్లు ముందుండటం మనల్ని నొప్పిస్తుంది. విచిత్రమేమిటంటే దగ్గరితనం ఈ రెండింటినీ పెంచుతుంది. ముక్కూ మొహం తెలియని అందగత్తె మనల్ని బాధపెట్టదు, ప్రాణ స్నేహితురాలు బాధపెడుతుంది. గర్వపడేది కూడా ఆ ప్రాణ స్నేహితురాలిని చూసుకునే. కాబట్టి చూడవలసింది అందంలో తేడా ఎంత అన్నదాని కంటే, ఆ వయసులో, ఆ సందర్భంలో అందానికి ఎంత బరువు పడుతోంది అన్నదాన్ని.

దీన్ని ఒక ఉదాహరణ మీద పెట్టి చూద్దాం. విన్న సంగతులను కూర్చి తయారుచేసిన ఉదాహరణ ఇది. ఏ ఒక్కరి కథా కాదు. ఒకరిది నర్సంపేట, ఒకరిది పరకాల. డిగ్రీ నుంచి కలిసి చదువుకుని, హనుమకొండలో ఒకే హాస్టల్ గదిలో ఉంటూ పీజీ పూర్తి చేశారు. నర్సంపేట అమ్మాయిది మెరిసే తెల్లని రంగు, కోల ముఖం, ఒత్తైన జుట్టు. పరకాల అమ్మాయిది చామనఛాయ, సాధారణమైన రూపం. మాట చురుకు, లెక్కల్లో దిట్ట. మొదటి రెండేళ్లు బతుకమ్మకు పద్మాక్షి గుట్ట దగ్గరికి కలిసి వెళ్లినప్పుడు, నలుగురూ తన స్నేహితురాలిని తిరిగి తిరిగి చూస్తుంటే పరకాల అమ్మాయి సంబరపడేది. "మా దాని ముందు హీరోయిన్లు ఏం పనికొస్తరు" అని తనే అనేది. ఆ రోజుల్లో ఆమె విలువ మార్కుల్లో ఉంది, అక్కడ ఆమెదే పైచేయి. స్నేహితురాలి అందం ఆమెకు పోటీ కాదు, అలంకారం.

మార్పు ఇంట్లో సంబంధాలు చూడటం మొదలైన ఏడాది వచ్చింది. పెళ్లిళ్ల పేరయ్య, మేనత్త, పక్కింటివారు అందరూ అడిగే మొదటి ప్రశ్న "పిల్ల రంగేంటిది" అన్నదే. పిల్ల తెల్లగా ఉంటే కట్నం కాస్త తగ్గుతుందని, నలుపైతే పెరుగుతుందని పెద్దవాళ్లు ఆమె వినికిడిలోనే లెక్కలు వేస్తారు. కట్నాన్ని నిషేధించిన చట్టం వచ్చింది 1961లో అన్న సంగతి ఆ లెక్కల్లో ఎక్కడా కనబడదు. ఎంఎస్సీ మార్కులు ఒక్కసారిగా వెనక్కి పోయి, అప్పటిదాకా స్నేహితురాలి ప్రత్యేకత అనుకున్నది తన జీవితాన్ని కొలిచే కొలత అయి కూర్చుంది. ఇద్దరి ముఖాలూ మారలేదు, స్నేహమూ మారలేదు, కొలత మారింది. ఈ ఉదాహరణలో మొదటి గాయానికి కారణం నర్సంపేట అమ్మాయి ఎంత మాత్రమూ కాదన్నది ఇక్కడే గమనించాలి.

ఇటువంటి స్థితిలో మనసు ఉపశమనం కోసం మూడు దారులు వెతుక్కుంటుందని టెస్సర్ సిద్ధాంతం చెబుతుంది. దగ్గరితనాన్ని తగ్గించుకోవడం మొదటిది. ఆ విషయానికి తన దృష్టిలో విలువ తగ్గించుకోవడం రెండోది. అవతలివారికీ తనకూ మధ్య ఉన్న ఎడాన్ని ఎలాగైనా తగ్గించడం మూడోది. తాను పెరిగైనా సరే, వాళ్లను తగ్గించైనా సరే. ఈ మూడో దారి గురించి ఆయన, స్మిత్ అనే మరో పరిశోధకుడు కలిసి 1980లో ప్రచురించిన ప్రయోగం ఒకటి మనసును కలవరపెడుతుంది. అందులో పాల్గొన్నవారు ఒక పదాన్ని స్నేహితుడి చేత, అపరిచితుడి చేత ఊహింపజేయడానికి ఆధారాలు ఇవ్వాలి. అది వట్టి ఆట అని చెప్పినప్పుడు స్నేహితుడికే తేలిక ఆధారాలు ఇచ్చారు. అది ముఖ్యమైన సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష అని చెప్పి, తాము అందులో అంతంత మాత్రమే అని తెలిసేలా చేసినప్పుడు అపరిచితుడి కంటే స్నేహితుడికే కష్టమైన ఆధారాలు ఇచ్చారు.

పరకాల అమ్మాయి విషయంలో ఇది ఎలా కనబడుతుందో చూడండి. స్నేహితురాలు బంధువుల పెళ్లికి చీర ఎంచుకుంటూ అభిప్రాయం అడిగితే, నిజంగా బాగున్న చీరను "ఏమో, నీకు కొంచెం ఎబ్బెట్టుగ ఉన్నది" అంటుంది. గ్రూపు ఫొటోల్లో తాను బాగా పడినదాన్నే స్టేటస్‌లో పెడుతుంది, అందులో నర్సంపేట అమ్మాయి కళ్లు మూసుకుని ఉన్నా సరే. ఎవరైనా ఆమె అందాన్ని మెచ్చుకుంటే "చదువు మీద ధ్యాస తక్కువ గనీ" అని ఒక ముక్క తగిలిస్తుంది. వీటిలో ఏదీ పథకం వేసుకుని చేసినది కాదు. ఒక్కొక్కటిగా అడిగితే ఆమె నిజాయితీగానే కాదంటుంది. అందుకే ఇవి జరుగుతున్నాయని తెలుసుకోవడానికి ఒక్క మాటను పట్టుకుని లాభం లేదు, వరుసను చూడాలి. మిగతా విషయాల్లో ఉదారంగా ఉండే మనిషి ఈ ఒక్క విషయంలో మాత్రమే పిసినారి అయితే, అది ఈ ఒత్తిడి జాడ.

అమెరికాలోనే ఏప్రిల్ బ్లెస్కీ-రెచెక్, మెలిసా లైట్‌హాల్ స్నేహితురాళ్ల జంటల మీద చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. జంటలోని ఇద్దరిలో తక్కువ ఆకర్షణీయురాలు తమ స్నేహంలో పోటీ ఉందని ఎక్కువగా చెప్పింది, రెండో అమ్మాయి అంతగా చెప్పలేదు. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తానికి కీలకం ఈ అసమానతే. ఒకే గదిలో ఉంటూ ఒకరు పోటీలో ఉన్నారు, రెండోవారికి పోటీ జరుగుతోందనే తెలియదు. తెలియనివారు మామూలుగా చేసే పనులు తెలిసినవారికి దెబ్బల్లా తగులుతాయి. అయితే ఆ అధ్యయనంలోని అమ్మాయిలు తమ జతను తాము వెతుక్కునే సమాజానికి చెందినవాళ్లు. మన దగ్గర పోటీ ఒక అబ్బాయి కోసం కాదు, చాలాసార్లు ఇద్దరికీ వేర్వేరు కులాల్లో, వేర్వేరు ఊళ్ల నుంచి సంబంధాలు వస్తాయి. ఒకరికి వచ్చినది రెండోవారికి పోయేదేమీ లేకపోయినా పోల్చుకోవడం ఆగదు. కాబట్టి మన దగ్గర దీన్ని పోటీ అనడం కంటే పక్కపక్కన పెట్టి తూచడం అనడం సరిగ్గా ఉంటుంది. ఆ తూచేది స్నేహితురాళ్లు కాదు, రెండు కుటుంబాలూ వాటి చుట్టూ ఉన్నవాళ్లూ.

ఇప్పుడు రెండో అమ్మాయి వైపు వద్దాం, ఎందుకంటే ఈ కథ ఎవరు చెప్పినా ఆమెకు దొరికే సానుభూతి చాలా తక్కువ. తన విజయం పక్కవారిని నొప్పిస్తోందని గ్రహించిన మనిషి పడే ఇబ్బందిని జూలీ ఎక్స్‌లైన్, మార్సీ లోబెల్ 1999లో వివరంగా చర్చించారు. అవతలివారు పోల్చుకుంటున్నారని, నొచ్చుకుంటున్నారని తెలిసి, తాను వారి గురించి పట్టించుకునే మనిషి అయినప్పుడు, ముందున్న మనిషికే అది బరువవుతుందని వారి వాదన. ఆ బరువు దించుకోవడానికి మనుషులు తమను తాము తగ్గించి చెప్పుకుంటారు, మంచి వార్తలు దాస్తారు, ఆ ప్రస్తావనే రాకుండా తప్పించుకుంటారు.

నర్సంపేట అమ్మాయి కూడా సరిగ్గా ఇవే చేసింది. ఆ శీతాకాలంలో తనకు వచ్చిన సంబంధాల సంగతి గదిలో చెప్పడం మానేసింది. "నాకేమున్నదే, ఉత్త రంగే గదా" అనడం మొదలుపెట్టింది. రెండూ మంచి మనసుతో చేసినవే, రెండూ బెడిసికొట్టాయి. ఆ 'ఉత్త రంగు' లేకనే తనను తిరస్కరిస్తున్నారని తెలిసిన అమ్మాయికి ఆ మాట ఓదార్పు కాలేదు, ఎగతాళిగా వినబడింది. హైదరాబాద్ సంబంధం దాదాపు ఖాయమైందని హాస్టల్లో మూడో అమ్మాయి ద్వారా తెలిసినప్పుడు పరకాల అమ్మాయికి కష్టం కలిగించింది ఆ సంబంధం కాదు, తనకు చెప్పలేదన్నది. "నేను ఓర్వలేననుకున్నదా" అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. అందం గురించి ఇద్దరి మధ్య అప్పటిదాకా నేరుగా గొడవ లేదు. దాన్ని దాచడం వల్ల మొదటిసారి వచ్చింది. దాచిన ప్రతిదీ ఆ అంతరం ఎంత పెద్దదో చాటి చెప్పినట్టే అవుతుందని ఇద్దరిలో ఎవరికీ ముందుగా తట్టలేదు.

అందగత్తెకు మరో నష్టం ఉంది, అది స్నేహాన్ని ఆమె వైపు నుంచి బలహీనపరుస్తుంది. 1984లో బ్రెండా మేజర్ బృందం చేసిన ప్రయోగంలో, తాము రాసిన వ్యాసానికి పరాయి లింగానికి చెందిన వ్యక్తి నుంచి మెప్పు వచ్చినప్పుడు, తమను అందంగా భావించుకునేవారు, ఆ వ్యక్తి తమను చూశాడని తెలిస్తే ఆ మెప్పును తమ రాత గొప్పదనానికి అంతగా ఆపాదించుకోలేదు. మెప్పు వ్యాసానికా, ముఖానికా అన్న సందేహం వారిది. అటువంటి మనిషికి తన రూపంతో పని లేకుండా తన మాటను తూచి చెప్పగల ఒక్క స్నేహితురాలు ఎంత అవసరమో ఊహించవచ్చు. పరకాల అమ్మాయి వంకర మాటలు మొదలుపెట్టిన నాడు నర్సంపేట అమ్మాయి కోల్పోయింది ఆ ఒక్క నమ్మకమైన తూకాన్ని.

ఇక ఆ తల్లి భయం సంగతి. స్నేహితురాలు పక్కన ఉంటే తన కూతురు నిజంగా వెలవెలబోతుందా? దీనికి జవాబు అనుకున్నంత సూటిగా లేదు. 1980లో కెన్‌రిక్, గుటియెరెస్ చేసిన ప్రసిద్ధ పరిశీలనలో, అందమైన నటీమణులున్న టీవీ కార్యక్రమం చూస్తున్న యువకులకు ఒక సాధారణ యువతి ఫొటో చూపితే, ఆ కార్యక్రమం చూడనివారి కంటే వీరు ఆమెకు తక్కువ మార్కులు వేశారు. ఒకరి తర్వాత ఒకరిని చూసినప్పుడు ముందు చూసినవారు తర్వాతివారిని తగ్గించేస్తారన్న మాట. కానీ ఒకేసారి, ఒకే గుంపులో చూసినప్పుడు లెక్క వేరు. 2014లో వాకర్, వుల్ ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకే ముఖాన్ని ఒంటరిగా చూపినప్పటి కంటే గుంపు ఫొటోలో చూపినప్పుడు కాస్త ఎక్కువ ఆకర్షణీయంగా అంచనా వేశారు. తేడా కొద్దిదే, కానీ దిశ తల్లి భయానికి ఎదురుగా ఉంది. ఆ ప్రయోగాల్లో చూసినవారికి ఎవరినీ ఎంపిక చేసుకోవలసిన పని లేదన్నది మాత్రం మరువకూడదు. ఎంచుకోవడానికే వచ్చినవారి చూపు మరింత నిర్దయగా ఉండవచ్చు. అయినా నాకు అనిపించేది ఇది: పరకాల ఇంటికి వచ్చిన అబ్బాయి ఆ వారంలో వాట్సాప్‌లో ఒకదాని వెనుక ఒకటిగా తోసిన పదిహేను ఫొటోలు, అవీ ఫిల్టర్లు వేసినవి, చూసి ఉంటాడు. కూతురి రూపానికి చేటు చేసేది ఆ వరుసే తప్ప టీ కప్పులు పట్టుకొచ్చిన దోస్తు కాదు. ఆ దోస్తును ఇంటికి రానివ్వకపోవడం వల్ల ఫొటోల వరుస ఆగదు, కూతురికి ఆ రోజు చేయి పట్టుకునే మనిషి మాత్రం లేకుండా పోతుంది.

అబ్బాయిల్లో ఇది లేదనుకోకూడదు. ఎత్తు, పాతికేళ్లకే పలచబడే జుట్టు, జిమ్‌కు వెళ్లి పెంచిన ఒళ్లు అక్కడి కొలతలు. తేడా ఏమిటంటే వాళ్లు దాన్ని జోకుల్లోకి మళ్లిస్తారు; "బట్టతల" అని పది మందిలో పిలిపించుకునేవాడు నవ్వుతూ భరిస్తాడు, ఏడాది తర్వాత ఆ గ్రూపులోంచి నెమ్మదిగా జారుకుంటాడు. ఉద్యోగం, భూమి అనే వేరే కొలతలు పెళ్లి విషయంలో వాళ్లను చాలావరకు కాపాడతాయి.

ఇటువంటి స్నేహంలో నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవడానికి నాకు ఉపయోగకరంగా కనబడిన గుర్తు ఒకటే ఉంది. ఇద్దరే ఉన్నప్పుడు, అంటే రాత్రి గదిలో, బస్సు ప్రయాణంలో, ఫోన్లో, పాత చనువు తిరిగి వస్తోందా అన్నది గమనించాలి. వస్తుంటే ఒత్తిడి బయటిది. మూడో మనిషి వచ్చినప్పుడల్లా పుట్టి, వెళ్లగానే పోతోంది. అప్పుడు సరిచేయవలసింది మూడో మనిషి ముందు నడవడిక. ఉదాహరణకు, క్లాసులో ఎవడో పరకాల అమ్మాయితో స్నేహం నటించి నర్సంపేట అమ్మాయి నంబరు అడిగితే, "ఆమెను అడ్డం పెట్టుకుని నాతో మాట్లాడాలనుకునేటోనితోని నాకు మాటలు లేవు" అని నర్సంపేట అమ్మాయే అతని ముఖం మీద చెప్పడం పది ఓదార్పు మాటల కంటే మేలు. అలా కాక ఇద్దరే ఉన్నప్పుడు కూడా మాటలు తూచి మాట్లాడుకుంటున్నారంటే, కొలత గదిలోకే వచ్చి కూర్చుందన్న మాట. అప్పుడు విషయాన్ని పేరు పెట్టి మాట్లాడుకోక తప్పదు.

ఆ మాట్లాడటంలో సాధారణంగా జరిగే పొరపాటు "నువ్వు కూడా బాగుంటావే" అనడం. వినేవారు నమ్మరు, పైగా అందమే కొలత అన్నదాన్ని ఆ మాట మరోసారి ఖాయం చేస్తుంది. 'అందం ముఖ్యం కాదు' అనడం కూడా పనిచేయదు, ఎందుకంటే సంబంధాలు చూసే కాలంలో అది నిజంగానే ముఖ్యంగా చెలామణి అవుతోంది; టెస్సర్ చెప్పిన రెండో దారి, అంటే విలువ తగ్గించుకోవడం, ఇల్లంతా దాన్ని పెంచుతున్నప్పుడు ఒక్కరి సంకల్పంతో అయ్యే పని కాదు. అయ్యేది ఇంకొకటి ఉంది, వార్తలను వార్తలుగా చెప్పుకోవడం. నర్సంపేట అమ్మాయి "ఈ ఆదివారం హైదరాబాదోళ్లు వస్తున్నరు, నాకైతే భయంగ ఉన్నది, నువ్వు ఉంటవా" అని అడిగి ఉంటే, స్నేహితురాలికి బాధ కలిగేదే, కానీ తనను ఓర్వలేని మనిషిగా లెక్కవేశారన్న అవమానం కలిగేది కాదు. అలాగే పరకాల అమ్మాయి "నిన్ను చూసి కుళ్లుకుంటలేను గానీ, మా ఇంట్ల రోజూ నీ రంగు ముచ్చటనే" అని చెప్పగలిగి ఉంటే, తనకు తెలియకుండానే ఆ ఇంట్లో తన పేరు కొలబద్ద అయిందన్న సంగతి రెండో అమ్మాయికి తెలిసేది.

అన్ని స్నేహాలూ కాపాడదగినవి కావని కూడా చెప్పాలి. కొందరు అందగత్తెలు తమ పక్కన సాదాగా కనబడే మనిషి ఉండటాన్ని ఇష్టపడతారు. దీని గుర్తు స్పష్టంగానే ఉంటుంది. స్నేహితురాలు కొత్త చీర కట్టి, మెరుగ్గా తయారై వచ్చిన రోజున వాళ్ల ముఖం మాడిపోతుంది, ఆమె మామూలుగా ఉన్న రోజున వాళ్ల ప్రేమ పొంగిపోతుంది. దీనికి ఎదురుగా, అందగత్తె పక్కన తిరిగితే దక్కే ఆహ్వానాల కోసం, గుర్తింపు కోసం మాత్రమే ఆమెను అంటిపెట్టుకునే స్నేహితురాళ్లూ ఉంటారు. ఆమెకు జ్వరం వచ్చిన వారం వాళ్లు కనబడరు. ఈ రెండు రకాల్లోనూ ఎంత మాట్లాడుకున్నా మారేది ఉండదు.

మన ఉదాహరణలోని ఇద్దరూ ఆ రకం కాదు. అటువంటి జంటల్లో పెళ్లిళ్లు అయిపోయి, 'రంగు' అనే ప్రశ్న ఇంట్లో ఎవరూ అడగని రోజులు వచ్చాక, కొలత బరువు దానంతట అదే తగ్గుతుంది. అప్పుడు తిరిగి కలిసేవాళ్లు కలుస్తారు. అయితే అందుకు ఒక షరతు ఉంది: తూకం నడిచిన ఆ రెండు మూడేళ్లలో ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లి ఉండాలి. పరకాల అమ్మాయి తల్లి మాట విని స్నేహితురాలిని పెళ్లిచూపులకు పిలవకపోయినా, పెళ్లికి పిలిచి, ఫొటోల్లో పక్కనే నిలబెట్టుకుంటే ఆ దారి తెరిచే ఉంటుంది.